దూబగుంట ఆడవాళ్లకు ఏం తెలుసని అడుగుతున్నారా?

"1. ఓటేశాక మన పని అయిపోయింది, పాలన ప్రభుత్వం చూసుకుంటుంది. 2. సభలు, ధర్నాలు అభివృద్ధికి అడ్డం. చదువురాని వాళ్లకు విధానాల గురించి ఏం తెలుస్తుంది? 3. రూల్స్ పక్కనపెట్టి వేగంగా పనిచేసేవాడే మంచి పాలకుడు. 4. అర్జీ ఇస్తే పరిష్కరించామని ఫోన్‌కే మెసేజ్ వస్తోంది, ఇంకేం కావాలి?"

ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఈ మెసేజే కనిపిస్తోంది. పంపేవాళ్లంతా నాకు తెలిసినవాళ్లే, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

మొదటిదానికి ఒక్క మాట చాలు. ఎవరు పాలించాలో ఓటు తేలుస్తుంది. ఎలా పాలించాలి, ఎవరిని అడిగి నిర్ణయించాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్న లెక్క మిగతా ఐదేళ్లూ నడుస్తూనే ఉంటుంది.

రెండోది చదివితే మాత్రం ఒళ్లు మండింది. నెల్లూరు జిల్లాలో పుట్టి ఈ మాట ఎలా ఫార్వర్డ్ చేస్తారు? కలిగిరి మండలం దూబగుంట పేరు వినలేదా? అప్పట్లో సారా దుకాణాలకు ప్రభుత్వమే వేలం పెట్టేది. పాడుకున్నవాడికి లైసెన్సు వచ్చేది, ఖజానాకు డబ్బు వచ్చేది. ఎన్నికైన ప్రభుత్వం, చట్టప్రకారం వేలం, రసీదులు, అన్నీ సక్రమమే. కానీ ఆ సారా ప్యాకెట్ ఊళ్లోకి వస్తే ఎవరింట్లో కూలి డబ్బులు పోతాయో, ఎవరు దెబ్బలు తింటారో, వాళ్లను ఒక్కరూ అడగలేదు. ప్రభుత్వం ఉంది, పాలన లేదు అంటే ఇదే.

1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలికెళ్లి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు అక్షరాలతోపాటు ఇంటి కష్టాలూ మాట్లాడుకున్నారు. దూబగుంటలో వాళ్లు సారాను అడ్డుకున్న సంగతి వయోజనుల వాచకంలో పాఠంగా ఎక్కింది, అది చదివిన పక్క ఊళ్లవాళ్లు మనమెందుకు చేయలేమని లేచారు. 1992లో వేలం జరగనివ్వకుండా అడ్డం కూర్చుంటే అధికారులు దాన్ని వాయిదాల మీద వాయిదాలు వేయాల్సి వచ్చింది. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. వాళ్లకేం తెలుసట! ప్యాకెట్ ఎటునుంచి వస్తుందో, ఎవరి కూలి అందులో కరిగిపోతుందో తెలుసు. వేలం డబ్బు లెక్కపెట్టే ఆఫీసుకు తెలియనిది సరిగ్గా అదే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. జనం అడిగిందల్లా ఒక్క సంతకంతో ఇచ్చేస్తే మంచి పాలన అయిపోదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, దొంగరవాణా ఆపలేకపోయారు, ఖజానా లోటూ పూడలేదు, 1997లో ఎత్తేశారు. ఊరూరా చూసుకునే యంత్రాంగం, ఆదాయానికి మరో దారి, ఈ రెండూ ముందే లేకపోతే ఎంత మంచి కోరికైనా నిలవదు. ఇది సభలు వద్దనడానికి కారణం కాదు, సభ తర్వాత చేయాల్సిన పని మిగిలిపోయిందనడానికి కారణం.

ఇక మూడోది. తుఫాను వచ్చే రాత్రి తీరం ఊళ్లు ఖాళీ చేయించడానికి సభ పెట్టమని ఎవరూ అనరు, అప్పుడు కలెక్టర్ వేగంగానే ఆర్డర్ ఇవ్వాలి. కానీ ఆ అధికారం కలెక్టర్‌కు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఇచ్చింది. రూల్ పక్కనపెట్టి తెచ్చుకున్నది కాదు. నోటీసు లేకుండా ఎదుటివాడి గోడ కూల్చినప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లు, రేపు మీ పట్టా మీద ఎవరైనా చేయి వేస్తే ఏ కాగితం చూపిస్తారు? మీ కాగితానికి విలువ ఇచ్చేది ఆ రూలే కదా.

నాలుగోది మా వీధిలోనే చూశాను. కాల్వ పూడిపోయి మురుగు ఇళ్లలోకి వస్తోందని అర్జీ పెట్టాం. పరిష్కరించామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కాల్వలో మట్టి అలాగే ఉంది, దాన్ని చూడ్డానికి ఎవరూ రాలేదు. స్పందన అంటే అర్జీ మూసేయడం అని మీకెవరు చెప్పారు? ఏ తేదీన ఎవరు వచ్చి చూశారు, ఏం రాశారు, అర్జీ పెట్టినవాళ్ల సంతకం ఉందా, ఈ మూడూ అడిగితే నిజంగా జరిగిందో లేదో తేలిపోతుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ తనిఖీ నివేదిక నకలు అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే గడువు దాటాక మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. మా కాల్వ విషయంలో ఆ నకలు కోసమే దరఖాస్తు పెట్టాను. ఇదే మెసేజ్ మళ్లీ పంపేవాళ్లు ముందు వాళ్ల వీధి అర్జీకి ఈ మూడు ప్రశ్నలూ వేసి చూడండి.