లాగ్-లాగ్ బొమ్మ కింద ఒక్క స్లోప్ రాసి చేతులు దులుపుకోకండి

థీసిస్‌ల్లో, పేపర్లలో, ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఒకే రకం బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అడ్డంగా గ్రిడ్ సైజు h, నిలువుగా ఎర్రర్, రెండూ లాగ్ స్కేలు మీద. ఐదు చుక్కలు, వాటి గుండా ఒక సరళరేఖ, పక్కనే "స్లోప్ 1.73, R² 0.998". కింద ఒక వాక్యం: "మా పద్ధతి దాదాపు రెండో ఆర్డర్‌లో కన్వర్జ్ అవుతోంది." ఈ వాక్యం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ చుక్కల్లో ఉన్న అసలు సమాచారాన్ని ఆ గీత తుడిచేస్తుంది.

లెక్క అందరికీ తెలిసిందే. h బాగా చిన్నదైనప్పుడు ఎర్రర్ E ≈ C·h^p లా నడుస్తుందని అనుకుంటాం. రెండు వైపులా లాగ్ తీస్తే log E = log C + p·log h, అంటే p అనేది గీత స్లోప్. ఇక్కడ అసలు షరతు "h బాగా చిన్నదైనప్పుడు" అన్నది. మన గ్రిడ్లు ఆ స్థితికి చేరాయో లేదో గీతకి తెలియదు. ఏ ఐదు చుక్కలిచ్చినా అది ఒక స్లోప్ ఇచ్చేస్తుంది.

1.73 అన్న అంకె నేను ఊరికే వేయలేదు. ఎర్రర్ సరిగ్గా E = h² + 0.01h అనుకోండి. అంటే లోపల రెండో ఆర్డర్ స్కీమ్, ఏదో ఒక మూల చిన్న మొదటి ఆర్డర్ తప్పు. h = 1/8 నుంచి 1/128 దాకా సగం చేస్తూ ఐదు గ్రిడ్లు తీసుకుని లీస్ట్ స్క్వేర్స్ గీత గీస్తే స్లోప్ 1.73, R² 0.998 వస్తాయి. ఇప్పుడు అవే ఎర్రర్లని పక్కపక్క జతలుగా చూడండి:

```
h        E          p
1/8      0.016875
1/16     0.004531   1.90
1/32     0.001289   1.81
1/64     0.000400   1.69
1/128    0.000139   1.52
```

p ఒక్కో మెట్టుకీ కిందికి దిగుతోంది, గ్రిడ్ ఇంకా సన్నం చేస్తే 1 దాకా పోతుంది. ఈ కోడ్ మొదటి ఆర్డర్‌ది. "దాదాపు రెండు" అని రాయడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. R² ఎందుకు మోసం చేసిందంటే, లాగ్ స్కేలు మీద ఎర్రర్ వంద రెట్లకు పైగా పడిపోయింది. అంత పెద్ద పతనం ముందు గీతలోని చిన్న వంపు R²కి ఆనదు. మనకి కావలసింది ఆ వంపే.

అందుకే నేను అడిగేది ఒక్కటే: ఫిట్ స్లోప్ బదులు జతల పట్టిక ఇవ్వండి. ఇది రాయడానికి ఒక్క లైను చాలు:

```python
p = np.log(E[:-1]/E[1:]) / np.log(h[:-1]/h[1:])
```

హారంలో log 2 అని నేరుగా రాయకుండా h నిష్పత్తే పెట్టడానికి కారణం ఉంది. `np.linspace(0, 1, N)` లో N అంటే బిందువులు, గళ్లు కావు. h = 1/(N−1). N ని 8, 16, 32, 64 అని రెట్టింపు చేస్తే h సరిగ్గా సగం అవదు. అయినా log 2 తో భాగిస్తే, కింద చెప్పబోయే తేలిక సమస్యకే 2.18, 2.09, 2.05 అని వస్తాయి. చూసేవాళ్లకి ఏదో మెరుగైన కన్వర్జెన్స్ దొరికినట్టు అనిపిస్తుంది. నిజానికి అది లెక్కింపు పొరపాటు.

ఆ తేలిక సమస్య ఇది: [0,1] మీద −u'' = π² sin(πx), రెండు చివరలా u = 0, మామూలు మూడు బిందువుల సెంట్రల్ డిఫరెన్స్. దీని డిస్క్రీట్ జవాబుని కాగితం మీదే తేల్చవచ్చు. అసలు జవాబు sin(πx) ని (θ/sin θ)² తో గుణిస్తే చాలు, ఇక్కడ θ = πh/2. x = 1/2 దగ్గర గ్రిడ్ బిందువు ఉంటే గరిష్ఠ ఎర్రర్ (θ/sin θ)² − 1. h = 1/4, 1/8, 1/16, 1/32 కి అది 0.05303, 0.01295, 0.003219, 0.0008036. జతల p విలువలు 2.034, 2.008, 2.002. ఆరోగ్యంగా ఉన్న పట్టిక ఇలా ఉంటుంది: p రెండు దగ్గరికి వస్తుంది, మెట్టు మెట్టుకీ తేడా సుమారు నాలుగో వంతుకి తగ్గుతుంది. ఇలా స్థిరపడటమే సాక్ష్యం. మీ కోడ్ ఈ సమస్యకి ఈ అంకెలే ఇవ్వాలి. ఇవ్వకపోతే పెద్ద సమస్యల జోలికి పోకండి.

పట్టిక చివర్లో p ఉన్నట్టుండి పడిపోతే స్కీమ్‌ని తిట్టేముందు ఇటరేటివ్ సాల్వర్ టాలరెన్స్‌ని వెయ్యి రెట్లు బిగించి మళ్లీ నడపండి. p మారితే మీరు కొలుస్తున్నది గ్రిడ్ ఎర్రర్‌ని కాదు, సాల్వర్ మధ్యలో వదిలేసిన మిగులుని.

కోడ్ సరిగ్గానే ఉండి స్లోప్ తప్పుగా వచ్చే సందర్భాల్లో రెండు మరీ ఎక్కువ. మొదటిది నార్మ్. `np.linalg.norm(e)` అనేది ఎర్రర్ల వర్గాలు కూడి వర్గమూలం తీస్తుంది, అంతే. గ్రిడ్ సన్నబడే కొద్దీ కూడే బిందువులే పెరుగుతాయి. ఒక డైమెన్షన్‌లో ఆ బిందువుల సంఖ్య 1/h లా పెరుగుతుంది కాబట్టి స్లోప్‌లో అర తగ్గుతుంది: రెండు రావలసిన చోట 1.5. రెండు డైమెన్షన్లలో ఒకటి పూర్తిగా తగ్గి 1.0, మూడింట్లో 0.5. దాన్ని sqrt(h) తోనో, 2Dలో h తోనో గుణిస్తే సరిపోతుంది. పట్టికలో 1.50 అని శుభ్రంగా స్థిరపడి కనిపిస్తే ముందు ఇదే చూడండి. "మా సమస్యకి నునుపు తక్కువ, అందుకే ఒకటిన్నర" అని వివరణలు అల్లడం తర్వాత సంగతి.

రెండోది రిఫరెన్స్. అసలు జవాబు తెలియనప్పుడు అన్నిటికంటే సన్నని గ్రిడ్ జవాబునే నిజం అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. అప్పుడు కొలిచేది C·h^p కాదు, C·(h^p − h_ref^p). రెండో ఆర్డర్ స్కీమ్‌కి h = 4h_ref దగ్గర తేడా 15 పాళ్లు, 2h_ref దగ్గర 3 పాళ్లు. నిష్పత్తి ఐదు, p = 2.32. మొదటి ఆర్డర్ స్కీమ్‌కి అదే చోట 3, 1 పాళ్లు వస్తాయి కాబట్టి p = 1.58. ఒకటో ఆర్డర్ కోడ్‌ని ఒకటిన్నర అని అమ్ముకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. కావాలని చేసేవాళ్లు తక్కువే, గమనించకుండా చేసేవాళ్లే ఎక్కువ. పట్టికలోని అతి సన్నని గ్రిడ్ కంటే రిఫరెన్స్ కనీసం ఎనిమిది రెట్లు సన్నగా ఉంటే రెండో ఆర్డర్ స్కీమ్‌కి ఈ వంకర 0.02 లోపే ఉంటుంది. మొదటి ఆర్డర్‌కి ఎనిమిది రెట్లూ చాలవు, చివరి జత p ఇంకా 1.1 చూపిస్తుంది.

ఇవన్నీ కనీసం అనుమానం పుట్టిస్తాయి. నాకు అసలు భయం స్లోప్ సరిగ్గా వచ్చి కోడ్ తప్పుగా ఉండే సందర్భం.

పై సమస్యలోనే ఎడమ చివర u = 0 తీసేసి డెరివేటివ్ ఇద్దాం: u'(0) = π. అసలు జవాబు sin(πx) మారదు. బౌండరీ దగ్గర అందరికీ ముందు తట్టేది (U₁ − U₀)/h = π. ఇది ఒకవైపు తేడా, మొదటి ఆర్డర్. కాబట్టి p ఒకటికి రావాలి. లెక్క చేస్తే గరిష్ఠ ఎర్రర్ x = 0 దగ్గర ఉంటుంది: 0.1632, 0.04048, 0.01010, 0.002524. p విలువలు 2.01, 2.00, 2.00. పట్టిక నిర్దోషిగా ఉంది. రివ్యూ చేసేవాళ్లు సంతకం పెట్టేస్తారు.

ఎందుకిలా అంటే, ఆ ఒకవైపు తేడాలో వదిలేసిన మొదటి పదం (h/2)·u''(0). sin(πx) రెండో డెరివేటివ్ x = 0 దగ్గర సరిగ్గా సున్నా. తప్పు కోడ్‌లోనే ఉంది, మనం ఎంచుకున్న పరీక్ష దాన్ని సున్నాతో గుణించి దాచేసింది. పాఠ్యపుస్తకాల అలవాటు కొద్దీ అందరం sin(πx) నే పట్టుకుంటాం, అది చివరల్లో ఎంత మర్యాదగా ఉంటుందో గుర్తుపెట్టుకోం.

ఇప్పుడు అదే కోడ్‌కి u = cos(πx/2) ఇవ్వండి. u'(0) = 0, u(1) = 0, కానీ u''(0) = −π²/4. ఈసారి డిస్క్రీట్ జవాబులో −(π²h/8)(1 − x) అనే ఒక వాలు అదనంగా వచ్చి చేరుతుంది. ఒక్క చివర చేసిన తప్పు డొమైన్ అంతా పాకిందన్నమాట. గరిష్ఠ ఎర్రర్లు 0.2955, 0.1510, 0.07630, 0.03835. p విలువలు 0.97, 0.98, 0.99. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, మారింది పరీక్ష జవాబు మాత్రమే.

కాబట్టి మాన్యుఫ్యాక్చర్డ్ సొల్యూషన్ ఎంచుకునేటప్పుడు ప్రతి బౌండరీ దగ్గరా ఫంక్షన్, మొదటి డెరివేటివ్, రెండో డెరివేటివ్, వీలైతే మూడోది కూడా సున్నా కాకుండా చూడండి. exp(x) లాంటిదో, sin(πx + 0.7) లాంటి జరిపిన సైనో చాలు. కోఎఫిషియంట్లు స్థిరంగా పెట్టి పరీక్షిస్తే వాటి డెరివేటివ్ ఉన్న పదాలు కూడా ఇలాగే దాక్కుంటాయి, కాబట్టి వాటిని కూడా x తో మారనివ్వండి.

సవరణ చిన్నదే. గ్రిడ్ బయట ఒక ఊహా బిందువు పెట్టి, బౌండరీ దగ్గర కూడా సమీకరణాన్ని రాసి, ఆ బిందువుని తొలగిస్తే (U₁ − U₀)/h = g − (h/2)·f(0) వస్తుంది. ఇక్కడ g అంటే ఇచ్చిన డెరివేటివ్, f అంటే −u'' కి కుడివైపు ఉన్న ఫంక్షన్. cos(πx/2) కి f(0) = π²/4, అంటే సరిగ్గా π²h/8 తీసేస్తున్నాం. ఆ అదనపు వాలు పూర్తిగా పోతుంది. ఎర్రర్లు h = 1/4, 1/8, 1/16, 1/32 కి 0.01295, 0.003219, 0.0008036, 0.0002008 అవుతాయి. p విలువలు 2.008, 2.002, 2.001.