మార్చాడట, పోర్ట్ చేయలేదట!

నాన్నకి హెర్నియా ఆపరేషన్ చేయించాం. విజయనగరంలోనే, 82 వేల బిల్లు. ఆరోగ్య బీమా కంపెనీ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించారు. కారణం ఒక్క ముక్క: 24 నెలల వెయిటింగ్ పీరియడ్ పూర్తి కాలేదు.

అదేమిటి? మూడేళ్లు ఒక కంపెనీలో కట్టి, పోయినేడాదే కదా ఇంకో కంపెనీకి మారాం! రోజంతా డ్రాయింగుల్లో మిల్లీమీటర్లు వెతికే నేను, సంతకం పెట్టిన పాలసీ మాత్రం చదవలేదు. ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. హెర్నియా, కేటరాక్ట్ లాంటి జబ్బులకి పాలసీ తీసుకున్నాక కొంతకాలం ఆగితేనే క్లెయిమ్ వస్తుందని ఉంది. పాత పాలసీనే కొత్త కంపెనీకి పోర్ట్ చేసుకుంటే మాత్రం అందులో గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. మనది పోర్టే కదా అనుకుని షెడ్యూల్ తీస్తే, పాత పాలసీ వివరాల గడి ఖాళీ!

ఏజెంట్ని అడిగితే, "పోర్ట్ అంటే రెన్యువల్‌కి 45 రోజుల ముందే పెట్టాలి బాబూ, టైం లేక కొత్తదే తీసేశాను" అన్నాడు, టీ తాగుతూ. ప్రీమియం తక్కువని చెప్పడానికి మాత్రం టైం దొరికింది మహానుభావుడికి! నాన్నేమో "పోన్లేరా, ఆపరేషన్ బాగా అయింది కదా" అంటున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు.