రాని మెయిల్‌ను గమనించేదెవరు?

2017 జనవరి 31 రాత్రి, కోడ్ దాచుకునే సేవ అయిన గిట్‌ల్యాబ్ ఇంజనీరు ఒకరు, రెండో సర్వర్‌లో ఉన్నాననుకుని ప్రధాన డేటాబేస్ సర్వర్‌లోనే డేటా ఫోల్డర్‌ను తొలగించే కమాండ్ ఇచ్చారు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మాత్రమే మిగిలింది. రోజువారీ బ్యాకప్‌ల కోసం చూస్తే అవి చేరాల్సిన అమెజాన్ ఎస్3 నిల్వ బకెట్ ఖాళీగా కనిపించింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 కాగా, బ్యాకప్ తీసే `pg_dump` మాత్రం 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతిసారీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతూ వచ్చింది. అదృష్టవశాత్తు అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి నష్టం ఆ ఆరు గంటల డేటాకు పరిమితమైంది.

ఈ ఘటనలో అసలు చూడవలసింది ఆ తొలగింపు కాదు. బ్యాకప్ విఫలమైతే మెయిల్ పంపే ఏర్పాటు అక్కడ ఉంది, ఆ మెయిళ్లు బయలుదేరాయి కూడా. కానీ నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ పంపే మెయిళ్లకు డీమార్క్ ధ్రువీకరణ అమర్చకపోవడంతో, అందుకోవలసిన మెయిల్ సర్వరే వాటిని తిప్పికొట్టింది. సిబ్బందికి మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే తోచింది, ఎందుకంటే విఫలమైతేనే కబురు వచ్చే పద్ధతిలో కబురు లేకపోవడమే క్షేమ సమాచారం అవుతుంది. సర్వర్ ఆగినా, క్రాన్ పట్టికలో ఆ వరుస ఎవరో తీసేసినా, మెయిల్ దారి మూసుకుపోయినా బయటికి కనిపించేది అదే నిశ్శబ్దం.

అందుకే పద్ధతిని తిరగేయాలి. ప్రతి రాత్రీ పని విజయవంతంగా ముగిశాక రిపోర్టు రావాలి, అది గడువులోగా రాకపోతే వేరొక యంత్రం అలర్ట్ ఇవ్వాలి. ఆ గమనింపును మనుషులకు వదిలేస్తే పని జరగదు. రోజూ వచ్చే రిపోర్టును రెండో వారానికే ఒక ఫోల్డర్‌లోకి మళ్లించే రూల్ పెట్టుకోని అడ్మిన్ అరుదు, అందులో వారిని తప్పుపట్టడానికీ లేదు. హెల్త్‌చెక్స్, డెడ్ మ్యాన్స్ స్నిచ్ వంటి సేవలు ఒక్కో పనికి ఒక్కో ప్రత్యేక మెయిల్ చిరునామానో వెబ్ లింకునో ఇచ్చి, దానికి కబురు అందని రోజున గుర్తుచేస్తాయి.

గడువు నిర్ణయించడమే ఇందులో చెయ్యి తిరగవలసిన పని. ఉదాహరణకు రాత్రి ఒంటి గంటకు మొదలయ్యే బ్యాకప్ మామూలుగా 2:10కి, నెలాఖరు లెక్కల భారంతో 3:20కి ముగుస్తుందనుకుందాం. గడువును 2:30గా పెడితే ప్రతి నెలాఖరునా ఉత్తుత్తి అలర్ట్ మోగుతుంది, మూడోసారికి దాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు రోజుల్లో పట్టే సమయాన్ని కాదు, సవ్యంగా ముగిసినవాటిలో అన్నిటికన్నా ఆలస్యమైనదాన్ని తీసుకుని, మెయిల్ దారిలో ఆగే అవకాశానికి మరికొంత కలిపి గడువును తెల్లవారుజామున 4:00గా పెట్టడం సబబు. ‘చివరి మెయిల్ వచ్చి 24 గంటలు దాటితే’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు, నిన్న 3:20కి వచ్చిందా 2:10కి వచ్చిందా అన్నదాన్ని బట్టి నేటి గడువు జరిగిపోతూ ఉంటుంది. గడియారం కూడా పని నడిచే చోటిదే కావాలి. న్యూయార్క్ సర్వర్‌లో రాత్రి ఒంటి గంట అంటే హైదరాబాద్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 11:30. భారత కాలమానంలో గడువు రాసుకున్న బృందానికి నవంబరులో గంట ముందే అలర్ట్ మోగుతుంది.

మెయిల్ వచ్చినంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కూడా కాదు. `pg_dump` ఫలితాన్ని పైపు ద్వారా, దాన్ని కుదించే `gzip`కు పంపే స్క్రిప్టులో మొదటిది విఫలమైనా రెండోది విజయంగానే ముగుస్తుంది. అప్పుడు డిస్కు మీద మిగిలేది 20 బైట్ల ఫైలు, మెయిల్‌లో మాత్రం ‘సక్సెస్’. దీన్ని ఆపడానికి ఒక్క వరుస చాలు:

```
set -o pipefail
pg_dump appdb | gzip > appdb.gz && curl -fsS "$PING_URL"
```

మెయిల్‌నే వాడేవారు అందులో ఫైలు పరిమాణం, పని జరిగిన తేదీ రాయించి, గమనించే యంత్రం ఆ రెండింటినీ చదివేలా చూడాలి. తేదీ లేకపోతే దారిలో చిక్కుకుని ఆలస్యంగా చేరిన నిన్నటి రిపోర్టు నేటి లెక్కలో జమ అవుతుంది.

గమనించే యంత్రం బ్యాకప్ సర్వర్ మీద ఉండకూడదు, దాని అలర్ట్ అదే మెయిల్ దారిలో వెళ్లకూడదు. గిట్‌ల్యాబ్‌లో తెగింది ఆ దారే కాబట్టి ఎస్సెమ్మెస్ గానీ ఫోన్ కాల్ గానీ మేలు. మెయింటెనెన్స్ కోసం అలర్ట్‌ను ఆపితే, దానంతటదే మళ్లీ మొదలయ్యే తేదీ కూడా అప్పుడే పెట్టాలి. ఇదంతా నడుస్తోందో లేదో తేలాలంటే మూడు నెలలకోసారి ఒక రాత్రి రిపోర్టును కావాలని ఆపి, నాలుగు దాటాక డ్యూటీలో ఉన్నవారి ఫోన్ మోగిందో లేదో మర్నాడు అడిగి చూడాలి.