ఆ క్లాసురూము సంభాషణ నాకు ఇంక పంపకండి

"స్టూడెంట్: సార్, డిస్కౌంట్ రేటు పెరిగితే ఎన్‌పీవీ ఎందుకు తగ్గుతుంది?
టీచర్: రేటు అంటే ధరల పెరుగుదలేనమ్మా. అది పెరిగితే ముందుముందు చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది. అందుకే ఏ ప్రాజెక్టుకైనా సరే, ఎన్‌పీవీ తగ్గి తీరుతుంది. అనుమానంగా ఉంటే రేటు ఇంకాస్త పెంచుకో, అదే సేఫ్."

ఈ వారంలో ఇది నాలుగోసారి. ఈసారి చప్పట్ల బొమ్మలు కూడా పెట్టి పంపారు. ఎన్‌పీవీ అంటే, ప్రాజెక్టులో వచ్చే డబ్బునీ పోయే డబ్బునీ ఇవాళ్టి విలువకు మార్చి, కూడి తీసి తేల్చిన నికర మొత్తం. అలా మార్చడానికి వాడేదే డిస్కౌంట్ రేటు.

ధరల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ధరలు పదేళ్లు పైసా కదలకపోయినా రేటు సున్నా అవదు. ఇంతే రిస్కున్న మరోచోట అదే డబ్బు పెడితే ఎంత రాబడి వచ్చేదో, అది రేటు. ద్రవ్యోల్బణం అందులో ఒక వాటా మాత్రమే.

ఇక చేతికొచ్చే డబ్బు తగ్గుతుందట! పదో ఏట 1000 రావాలంటే, రేటు 5 శాతమైనా 10 శాతమైనా వచ్చేది 1000. మారేదల్లా, ఇవాళ ఎంత పెడితే అది పదేళ్లకు 1000 అవుతుందన్న లెక్క. 5 శాతం మీద 614 పెట్టాలి, 10 శాతం మీద 386 చాలు. త్వరగా పెరిగే చోట తక్కువ విత్తనంతో అంతే పంట వస్తుంది కదా, ఆ పిల్లకు చెప్పాల్సింది ఇది.

అసలు ముప్పు "ఏ ప్రాజెక్టుకైనా" అన్న మాటలో ఉంది. ఒక గని తీసుకోండి. 30వ ఏట దాన్ని మూసి, గొయ్యి పూడ్చడానికి 100 కోట్లు కావాలి. ఆ ఖర్చు ఇవాళ్టి లెక్కలో 5 శాతం మీద 23 కోట్లు, 10 శాతం మీద ఆరు కోట్ల లోపు. అంటే రేటు పెంచగానే ఈ పద్దు వల్ల ఎన్‌పీవీ 17 కోట్లు పెరిగింది, తగ్గలేదు. 15 శాతం చేస్తే మిగిలేది కోటిన్నర. "ఇంకాస్త" పెంచితే గొయ్యి దానంతట అదే పూడుకుంటుంది కాబోలు! చివర్లో ఖర్చున్న చోట సేఫ్‌గా ఉండాలంటే ఆ ఖర్చు అంచనానే పెంచి రాయాలి, రేటు కాదు.

నమ్మకపోతే చిన్న లెక్క వేసి చూడండి. ఇవాళ 100 పెట్టుబడి, ఏడాది తిరిగేసరికి ఒక్కసారి 230 రాక, రెండో ఏట 132 పోక. రేటు సున్నా అయితే ఎన్‌పీవీ మైనస్ 2. 10 శాతానికి సున్నా, 15కి కాస్త ప్లస్, 20కి మళ్లీ సున్నా, ఆపైన మైనస్. పోక, రాక, మళ్లీ పోక అని ప్లస్, మైనస్ గుర్తు రెండుసార్లు మారితే ఇలా జరగొచ్చు. ఒక్క రేటుతో ఆగకుండా నాలుగైదు రేట్లకు లెక్క వేస్తేనే ఇది బయటపడుతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ముందు పెట్టుబడి, ఆ తర్వాతంతా రాబడే అయితే ఆ టీచర్ చెప్పిన ఫలితం నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ రెండేళ్లు క్లాసులో "తగ్గి తీరుతుంది" అనే చెప్పాను. ఒకమ్మాయి లేచి, "మూసేసేటప్పటి ఖర్చు కూడా ఉంటే, సార్?" అని అడిగింది. సిలబస్‌లో లేదని కూర్చోబెట్టాను.