స్టాప్ ఏమిటన్నది కాదు, ఎక్కడ పడిందన్నదే ప్రశ్న

జన్యు పరీక్ష రిపోర్టుల్లో కనిపించే రెండు లైన్లు చూడండి.

```
HBB c.118C>T  p.(Gln40Ter)
HBB c.364G>T  p.(Glu122Ter)
```

రెండూ హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రొటీన్ జన్యువులో వచ్చిన మార్పులే. రెండింటిలోనూ మారింది ఒక్క అక్షరం. రెండుచోట్లా అమైనో ఆమ్లాన్ని చేర్చమని చెప్పాల్సిన మూడక్షరాల కోడాన్ ‘ఇక ఆపు’ అని చెప్పే స్టాప్ కోడాన్‌గా మారిపోయింది. మొదటి దాన్ని డాక్టర్లు కోడాన్ 39 అంటారు, రెండోదాన్ని కోడాన్ 121. రిపోర్టులో మెథియోనిన్ అనే మొట్టమొదటి అమైనో ఆమ్లాన్ని కూడా లెక్కపెడతారు కాబట్టి అంకె ఒకటి ఎక్కువ కనిపిస్తుంది.

మొత్తం గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. కోడాన్ 39 దగ్గర ఆగిపోతే తయారయ్యేది 38 మాత్రమే. కోడాన్ 121 దగ్గర ఆగితే 120 వస్తాయి, అంటే ప్రొటీన్‌లో చాలా భాగం తయారైనట్టే. ఏది ఎక్కువ ప్రమాదం అని అడిగితే ఎవరైనా మొదటిదే అంటారు. జరిగేది మాత్రం వేరు. కోడాన్ 39 ఒక్క కాపీ ఉన్న మనిషి మామూలుగా బతికేస్తాడు. ఎర్ర రక్తకణాలు కాస్త చిన్నవిగా ఉంటాయి, హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ కొంచెం పెరిగి కనిపిస్తుంది, అంతే. కోడాన్ 121 మాత్రం ఒక్క కాపీ ఉన్నా మనిషికి జబ్బు చేస్తుంది. రక్తహీనత వస్తుంది, ప్లీహం పెరుగుతుంది. రెండో కాపీ పూర్తిగా బాగున్నా అది కాపాడలేదు.

ఈ తేడాకి కారణం కణంలో జరిగే ఒక తనిఖీ. దాని పేరు నాన్‌సెన్స్ మీడియేటెడ్ డికే, పొట్టిగా ఎన్ఎండీ. దీన్ని చాలాచోట్ల ‘క్వాలిటీ కంట్రోల్’ అని చెప్పి వదిలేస్తారు. ఆ మాట నాకు నచ్చదు. క్వాలిటీ కంట్రోల్ అంటే తయారైన సరుకు బాగుందో లేదో చూడాలి. ఇక్కడ కణం ప్రొటీన్‌ని చూడదు. స్టాప్ కోడాన్ తప్పుదా, సరైనదా అన్నది కూడా దానికి తెలియదు. యూఏజీ అనే స్టాప్ కోడాన్ ఎక్కడున్నా యూఏజీయే. అది చూసేది ఆ స్టాప్ ఎక్కడ పడిందన్న ఒక్క విషయమే.

బీటా గ్లోబిన్ జన్యువులో మూడు ఎక్సాన్లు, అంటే చివరిదాకా మిగిలే ముక్కలు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు, అంటే తీసేసే ముక్కలు ఉంటాయి. కేంద్రకంలో జన్యువు నకలు నుంచి ఇంట్రాన్లని కత్తిరించి ఎక్సాన్లని అతికించేటప్పుడు, ప్రతి అతుక్కీ సుమారు 20 నుంచి 24 అక్షరాల ముందు కొన్ని ప్రొటీన్ల గుంపు ఒకటి అంటుకుపోతుంది. దీన్ని ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్ అంటారు. ‘ఇక్కడ అతుకు వేశాం’ అని పెట్టిన గుర్తు లాంటిది. అలా తయారైన నకలే ఎంఆర్‌ఎన్‌ఏ. అది ఈ గుర్తులతోనే బయటి సైటోప్లాజంలోకి వస్తుంది. ప్రొటీన్‌ని తయారుచేసే రైబోజోమ్ దాన్ని మొదటిసారి చదువుకుంటూ పోతున్నప్పుడు దారిలో ఉన్న గుర్తులన్నీ ఊడిపోతాయి. సహజమైన స్టాప్ సాధారణంగా చివరి ఎక్సాన్‌లోనే ఉంటుంది కాబట్టి రైబోజోమ్ అక్కడికి చేరేసరికి ఒక్క గుర్తూ మిగలదు.

బస్సు డ్రైవర్ ‘లాస్ట్ స్టాప్, దిగండి’ అన్నాడు. తీరా చూస్తే ముందు రోడ్డు మీద అదే రూట్ బోర్డులు ఇంకా కనిపిస్తున్నాయి. అనుమానం రాదా? కణానికీ అలాంటి అనుమానమే వస్తుంది. రైబోజోమ్ ఆగినచోటికి యూపీఎఫ్1 అనే ప్రొటీన్ వస్తుంది. ఆ తర్వాతి దారిలో ఊడకుండా మిగిలిన గుర్తు మీద యూపీఎఫ్2, యూపీఎఫ్3 ఉంటాయి. ఇవి కలుసుకున్నాక ఎస్ఎంజీ1 అనే ఎంజైమ్ యూపీఎఫ్1కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇక ఆ ఎంఆర్‌ఎన్‌ఏ పని అయిపోయినట్టే. ఎస్ఎంజీ6 వచ్చి స్టాప్ దగ్గరే దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మరికొన్ని ప్రొటీన్లు దాని తలమీది క్యాప్‌నీ తోకనీ తీయించేస్తాయి. మిగిలిన ముక్కల్ని ఎంజైమ్‌లు కొసల నుంచి తినేస్తాయి.

ఇదంతా నిజమని ఎలా తెలిసింది? నాకు బాగా నచ్చిన రుజువు ఒకటుంది. ఏ లోపమూ లేని జన్యువుని తీసుకుని, దాని సహజ స్టాప్ తర్వాత తగినంత దూరంలో ఒక ఇంట్రాన్ చేర్చారు. ప్రొటీన్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. అయినా కణం ఆ ఎంఆర్‌ఎన్‌ఏని నాశనం చేసింది. దానికి ఉలటా కూడా చేసి చూశారు. స్టాప్ తర్వాత ఉండాల్సిన ఇంట్రాన్‌ని ముందే తీసేస్తే, తప్పుడు స్టాప్ ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏ కూడా బతికిపోయింది.

ఇప్పుడు మళ్లీ మన రెండు లైన్ల దగ్గరికి వద్దాం. రెండో ఎక్సాన్ కోడాన్ 104 దగ్గర ముగుస్తుంది. స్టాప్ చివరి అతుక్కి 50 నుంచి 55 అక్షరాల కంటే ముందుంటే ఎన్ఎండీ పట్టుకుంటుందన్నది బాగా తెలిసిన సూత్రం. కోడాన్‌కి మూడు అక్షరాల చొప్పున వెనక్కి లెక్కేస్తే ఆ హద్దు 86, 87 ప్రాంతంలో పడుతుంది. కోడాన్ 39 అతుక్కి దాదాపు 200 అక్షరాల ముందుంది. అందుకే పట్టుబడుతుంది. ఆ ఎంఆర్‌ఎన్‌ఏలో చాలా కొద్ది భాగమే మిగులుతుంది. మంచి కాపీ నుంచి వచ్చే ప్రొటీన్‌తో మనిషికి సరిపోతుంది. బీటా గ్లోబిన్ లోపం వల్ల వచ్చే జబ్బు బీటా తలసీమియా. ఇటలీలోని సార్డీనియా దీవిలో పదిమందిలో ఒకరికి పైగా దాని క్యారియర్లు, అంటే ఒక్క చెడ్డ కాపీ ఉన్నవాళ్లు. వాళ్ల మార్పుల్లో దాదాపు 95 శాతం ఈ కోడాన్ 39. వాళ్లలో చాలామందికి పరీక్ష చేయించుకునేదాకా ఆ సంగతే తెలియదు. అలాగని ఎన్ఎండీ జబ్బుని నయం చేయదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఇదే కాపీ వచ్చిన బిడ్డకి బీటా గ్లోబిన్ అసలు తయారుకాదు, జీవితాంతం రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

కోడాన్ 121 మూడో ఎక్సాన్‌లో ఉంది. ఆ తర్వాత అతుకు లేదు, గుర్తూ లేదు. కణానికి అది సహజమైన స్టాప్‌లాగే కనిపిస్తుంది. దాంతో 120 అమైనో ఆమ్లాల అసంపూర్తి గొలుసు అదేపనిగా తయారవుతూ ఉంటుంది. అది సరిగా ముడుచుకోదు, ఆల్ఫా గొలుసుతో జతకట్టి నిలవదు. ఎముక మజ్జలో ఎదుగుతున్న ఎర్ర కణాల్లోనే గడ్డకట్టి పేరుకుంటుంది. మైక్రోస్కోపులో ఆ గడ్డలు కనిపిస్తాయి. కణాలు రక్తంలోకి రాకముందే చచ్చిపోతాయి. కొసరు మాట: ఇదే 364వ అక్షరం G బదులు C అయితే వచ్చేది హిమోగ్లోబిన్ డి-పంజాబ్. దాని ఒక్క కాపీ ఉన్నవాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు.

సూత్రం ఇంతే అయితే రిపోర్టు చదవడం తేలికే. కానీ దీనికో మినహాయింపు ఉంది, అది మన దేశానికి బాగా సంబంధించింది. భారతీయుల్లో తరచూ కనిపించే తలసీమియా మార్పుల్లో కోడాన్ 15 ఒకటి. డీఎన్‌ఏలో టీజీజీ కాస్తా టీఏజీ అవుతుంది, ఎంఆర్‌ఎన్‌ఏలో అదే యూఏజీ. మొదటి ఎక్సాన్‌లో ఉంది, ఆ తర్వాత రెండు అతుకులున్నాయి. సూత్రం ప్రకారం కచ్చితంగా పట్టుబడాలి. పట్టుబడదు. స్టాప్ మొదలుకి మరీ దగ్గరగా పడితే, తోకని పట్టుకుని ఉండే ప్రొటీన్ కూడా ఆ దగ్గర్లోకే వచ్చి యూపీఎఫ్1 పని సాగనివ్వదని పరిశోధకుల వివరణ. అలా ఎంఆర్‌ఎన్‌ఏ మిగిలిపోతుంది. దాన్నుంచి వచ్చేది 14 అమైనో ఆమ్లాల ముక్క. పేరుకుని హాని చేసేంత పెద్దది కాదు కాబట్టి ఇక్కడా క్యారియర్‌కి ఏమీ కాదు.

మందుల విషయానికొస్తే ఈ తేడాని తగినంత పట్టించుకోవడం లేదన్నది నా అభిప్రాయం. తప్పుడు స్టాప్‌ని దాటుకుని రైబోజోమ్ చదివేలా చేసే మందులు కొన్ని ఉన్నాయి. వాటిలో అటాలురెన్‌కి డుషెన్ కండర క్షీణత కోసం 2014లో యూరప్‌లో షరతులతో అనుమతి వచ్చింది, 2025లో దాన్ని పొడిగించలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో అది అనుకున్న ఫలితం ఇవ్వలేదు. కారణాలు చాలా ఉండొచ్చు, కానీ ఒకటి మాత్రం స్పష్టం. స్టాప్‌ని దాటించాలంటే ముందు చదవడానికి ఎంఆర్‌ఎన్‌ఏ ఉండాలి కదా! పోనీ ఎన్ఎండీనే ఆపేద్దామంటే, కణం తన మామూలు ఎంఆర్‌ఎన్‌ఏల్లో కొన్నింటి మోతాదుని అదుపు చేసేదీ దీంతోనే. యూపీఎఫ్1 లేని ఎలుక పిండాలు పుట్టకముందే చనిపోతాయి. కోడాన్ 15, కోడాన్ 39 రెండూ టీఏజీలే. అయినా ఇలాంటి మందు ఇచ్చినప్పుడు మొదటిదానికి చదవడానికి ఎంఆర్‌ఎన్‌ఏ సిద్ధంగా ఉంటుంది, రెండోదానికి దాదాపు ఉండదు. ‘స్టాప్ మార్పు ఉన్న రోగులు’ అని ఈ ఇద్దరినీ ఒకే ట్రయల్‌లో, ఒకే గుంపులో వేస్తే వచ్చే సగటు అంకె ఇద్దరిలో ఎవరి గురించీ నిజం చెప్పదు.