పొగ వస్తే పని చేస్తున్నట్టు కాదు, పారిపోవాలి

"టాయిలెట్ తరచూ బ్లాక్ అవుతోందా? ప్లంబర్‌కి డబ్బులు దండగ! 1) ట్రాప్ చిన్నదని అర్థం, వెంటనే కమోడ్ మార్చండి. 2) ఫ్లష్ ట్యాంకులో లీటరు బాటిల్ పెట్టండి, నీళ్ళు ఆదా. 3) నెలకోసారి బాటిల్ యాసిడ్ పోసి, పైన గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ వేయండి. పొగ వస్తే పని చేస్తున్నట్టే! 4) ట్యాంకులో సబ్బు ముక్క వేయండి. 5) రాత్రి కూల్ డ్రింక్ పోసి పడుకోండి. పది మందికి పంపండి."

ఈ వారంలో నాకీ మెసేజ్ నాలుగోసారి వచ్చింది. అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో రెండుసార్లు, చిత్తూరు నుంచి మా బావగారు ఒకసారి, ఆఫీసులో పక్క సీటు ఆయన ఒకసారి. బావగారు కింద దండం బొమ్మ కూడా పెట్టారు.

ముందు మూడో పాయింట్. మిగతావి నమ్మితే డబ్బో నీళ్ళో పోతాయి, ఇది నమ్మితే మనిషే పోతాడు. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. దాని మీద బ్లీచింగ్ పౌడర్ వేస్తే వచ్చేది పొగ కాదు, క్లోరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు శత్రువుల మీదకు వదిలిన వాయువు ఇదే. గాలి కంటే బరువైనది కాబట్టి కిందనే పేరుకుంటుంది. మన బాత్రూం అయిదడుగుల గది, ఆ పోసే మనిషి కమోడ్ మీదకి వంగి ఉంటాడు, తలుపు దగ్గరకు వేసి ఉంటుంది. "పని చేస్తోందా లేదా" అని ఇంకాస్త వంగి చూస్తాడు కూడా, మెసేజ్‌లో చూడమన్నారు కదా! ఎవరైనా ఇప్పటికే ఈ ఘనకార్యం చేసి ఉంటే వెంటనే బయటికి వచ్చేయండి. ఫ్లష్ చేసి వద్దామని మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి అందకపోయినా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంత చేసినా బ్లాక్ పోతుందా అంటే, పోదు. ట్రాప్‌లో, అంటే కమోడ్ అడుగున నీళ్ళు నిలిచే వంపు దారిలో, అడ్డం పడేది తడి వైప్స్, ప్యాడ్లు, పిల్లల టూత్‌బ్రష్. యాసిడ్ వీటిని కరిగించదు. పైగా బాటిళ్ళ కొద్దీ పోస్తే ఆ యాసిడంతా మురుగునీళ్ళను శుద్ధి చేసే మన అపార్ట్‌మెంట్ ఎస్టీపీకే చేరుతుంది. అక్కడ మురుగును తినే బ్యాక్టీరియాను చంపి, తర్వాత కంపు వస్తోందని మీటింగులో అరిచేదీ మనమే.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. యాసిడ్ అన్న ఆలోచనలో సగం నిజం ఉంది. మా ఇంటి కథ చెబితేగానీ అదేమిటో అర్థం కాదు.

మాది బెంగళూరులో మారతహళ్ళి వైపు, బోరు నీళ్ళు. కుళాయి మూతికి నెలలోనే తెల్లటి గార కడుతుంది. ఎనిమిదేళ్ళు బాగా నడిచిన కమోడ్ మొన్న వేసవి నుంచి వారానికి రెండుసార్లు మొరాయించడం మొదలుపెట్టింది. ట్రాప్ చిన్నదట! ఎనిమిదేళ్ళు సరిపోయిన ట్రాప్ రాత్రికి రాత్రి కుంచించుకుపోదు కదండీ. దానిలో ఏదైనా ఇరుక్కోవాలి, లేదా దానికి అందాల్సిన నీళ్ళు అందకపోవాలి. రెంటిలో ఏదో తేల్చడానికి ఒక బకెట్ చాలు. ఆరేడు లీటర్ల నీళ్ళు నడుము ఎత్తు నుంచి ఒక్కసారిగా, నేరుగా కమోడ్ మధ్యలోకి పోయండి. నీళ్ళు పైకెక్కి మెల్లగా దిగితే అడ్డం ట్రాప్‌లోనో, ఆ తర్వాతి పైపులోనో ఉంది. పక్కనున్న నేల జాలీలో కూడా గుడగుడ వినిపిస్తే పైపులోనే. బకెట్‌తో గుటుక్కున దిగిపోయి, ఫ్లష్‌తో మాత్రం దిగకపోతే ట్రాప్‌కి ఏ పాపమూ తెలియదు. మాది గుటుక్కున దిగింది.

తర్వాత కమోడ్ లోపల, అంచుకి ఒక అంగుళం కింద, చుట్టూ నీలం స్కెచ్ పెన్నుతో గీత గీసి ఫ్లష్ చేశాను. వెనక భాగంలో గీత చెరిగింది. ముందు వైపు సగానికి సగం అలాగే ఉంది. చిన్న అద్దం, ఫోన్ టార్చ్ పెట్టి అంచు కిందకి చూస్తే నీళ్ళు దూకే రంధ్రాల్లో చాలావాటికి పళ్ళగార లాంటిది గట్టిగా పట్టి ఉంది. అడుగున ట్రాప్ నోటికి ఎదురుగా ఉండే పెద్ద రంధ్రం కూడా సగం మూసుకుపోయింది. మాది సైఫన్ రకం. ఇందులో నీళ్ళు ఎన్ని పడ్డాయన్నదొక్కటే కాదు, ఎంత వేగంగా పడ్డాయన్నది ముఖ్యం. ట్రాప్ ఒక్కసారిగా నిండితేనే లాగే బలం పుడుతుంది. రంధ్రాలు మూసుకుపోతే అవే నీళ్ళు తీరిగ్గా దిగుతాయి, లోపలున్నది గిరగిరా తిరిగి అక్కడే ఆగుతుంది.

ఇక్కడే యాసిడ్ ఆలోచన పనికొస్తుంది, కాకపోతే వంటింటి యాసిడ్. లీటరు గోరువెచ్చని నీళ్ళలో వంద గ్రాముల నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కలిపి, ట్యాంకు లోపల నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో గొట్టంలో మెల్లగా పోశాను. అది నేరుగా అంచు లోపలి కాలువలోకి వెళుతుంది. అదే నీళ్ళలో తడిపిన టిష్యూలను అంచు కింద కుక్కి రాత్రంతా వదిలేశాను. పొద్దున ఆ టిష్యూలు తీసి చెత్తబుట్టలో వేశాను (కమోడ్‌లో వేసేరు!). ఒక్కో రంధ్రంలో ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి తిప్పితే గార పెచ్చులుగా రాలింది. మొత్తం తెరుచుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. మరిగే నీళ్ళు మాత్రం పోయకండి, పింగాణీ పగలొచ్చు.

రెండో పాయింట్ బాటిల్ సంగతి. 2024 వేసవిలో బెంగళూరుకి నీళ్ళ కటకట వచ్చినప్పుడు ఈ సలహాను గ్రూపులో పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పే. మా ట్యాంకు ఆరు లీటర్లది. బాటిల్‌తో ఒక లీటరు పోయింది. అది చాలదన్నట్టు ఫ్లోట్‌ను అంగుళం కిందకి దించాను, దాంతో ఇంకో లీటరు పైనే పోయింది. ఆరు లీటర్లకని చేసిన కమోడ్‌కి నాలుగు కూడా అందలేదు. ఒకసారి పోవాల్సింది మూడుసార్లు నొక్కితే పోయేది, అదీ నీళ్ళ ఆదా! పాత పది లీటర్ల ట్యాంకుకి బాటిల్ పెట్టుకుంటే కొంతవరకు నడుస్తుంది. ఆరు లీటర్లదానికి వద్దు. మీ ఫ్లష్ ఎంతో తెలుసుకోవాలంటే ట్యాంకు పక్కనున్న వాల్వు కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి, ట్యాంకులో ముందు నీళ్ళున్న మట్టం దాకా లీటరు జగ్గుతో లెక్కపెట్టి నింపండి.

సబ్బు ముక్క: వద్దు, అది కరిగి వాల్వులోనే జిగురు కడుతుంది. కూల్ డ్రింక్: తాగండి.

ఇక కమోడ్ మార్చడం. పింగాణీ చిట్లినా, ట్రాప్ నోటి దగ్గర గ్లేజు పోయి వేలికి గరుకుగా తగిలినా, మూడు రాత్రుల నిమ్మ ఉప్పుకీ రంధ్రాలు తెరుచుకోకపోయినా మార్చండి. పది లీటర్లకని చేసిన పాత కమోడ్‌కి ఎవరో కొత్త ఆరు లీటర్ల ట్యాంకు బిగించి వెళ్ళినా అంతే, ఆ జత కుదరదు. కొత్తది కొనేటప్పుడు షాపువాళ్ళు "నాలుగంగుళాల ట్రాప్ సార్" అంటారు. అది లోపలి దారి కొలత కాదు. సైఫన్ రకంలో లోపలి దారి సుమారు రెండంగుళాలే. నీళ్ళు నేరుగా తోసేసే వాష్‌డౌన్ రకంలో దారి అంతకంటే వెడల్పు, బ్లాక్ అవడం తక్కువ. కాకపోతే గిన్నెలో నీళ్ళు కొంచెమే నిలుస్తాయి కాబట్టి బ్రష్‌కి పని ఎక్కువ. మా ఇంట్లో పిల్లలున్నారు, ఈసారి మార్చాల్సి వస్తే నేను వాష్‌డౌనే తీసుకుంటాను. షాపుకి వెళ్ళేముందు మీ పైపు నేలలోకి దిగుతుందో గోడలోకి వెళుతుందో చూడండి. నేలలోకైతే గోడ టైలు నుంచి ఆ గొట్టం మధ్యకి ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి రాసుకోండి. ఆ కొలత తప్పితే కొత్త కమోడ్ డబ్బాలోంచి బయటికి వచ్చి మళ్ళీ డబ్బాలోకే వెళుతుంది.