సవరణ: షుగర్ అదుపులో ఉన్నా శిశ్నం తల ఎర్రబడటం గురించి

"షుగర్ అదుపులో ఉంటే ఇది రాదని రాశారు. నాకు అదుపులోనే ఉంది, రోజూ సబ్బుతో కడుగుతున్నాను. అయినా ముందుచర్మం కింద ఎర్రబడి మండుతోంది. ఎందుకు?"

ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదవండి: రక్తంలో షుగర్ అదుపులో ఉన్నా మూత్రంలో షుగర్ ఉండొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్‌ను మూత్రం ద్వారానే బయటికి పంపుతాయి. అలా ముందుచర్మం కింద మిగిలిన తడిలో క్యాండిడా అనే ఫంగస్ బాగా పెరుగుతుంది. ఈ మాత్ర మొదలుపెట్టాక మంట, దురద, తెల్లని పొర కనిపిస్తే డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పండి. సొంతంగా మాత్ర ఆపకండి.

ఇక సబ్బు మానేయండి. అది ఇప్పటికే ఒరిసిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది. చర్మం సులువుగా వెనక్కి వస్తేనే లాగి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టి, మళ్లీ ముందుకు తేవాలి. ఇది మరవకండి, వెనకే ఉండిపోతే తల వాచి బిగుసుకుపోతుంది. ఫంగస్ అని తేలితే 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమ్‌ను రోజుకు రెండుసార్లు పలచగా రాయమంటారు. ఎరుపు పోయాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు కొనసాగించాలి. స్టిరాయిడ్ కలిసిన క్రీమ్‌లు సొంతంగా వాడొద్దు, మంట తగ్గినట్టే ఉంటుంది కానీ ఫంగస్ పెరగొచ్చు.

పుండు పడినా, చర్మం వెనక్కి రాకుండా బిగుసుకున్నా, వారంలో తగ్గకపోయినా చూపించుకోండి. మూత్రం రాకపోయినా, వెనక్కి లాగిన చర్మం ముందుకు రాకపోయినా, జ్వరంతో వృషణాల దగ్గర తీవ్రమైన నొప్పి, వాపు వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.